బూజు కోసేస్తే పోతుందా?

ఫ్రెండ్స్, ముందే చెప్పేస్తున్నా. ఇది ప్రేమ గురించి కాదు, వాన గురించి కాదు, ప్లేస్‌మెంట్ల గురించి అసలే కాదు. చీజ్ ముక్క మీద వచ్చిన బూజు గురించి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కాబట్టి ఒత్తులు ఎక్కడైనా తప్పితే క్లబ్ వాళ్లు దిద్దుతారని ధైర్యంగా రాస్తున్నా.

మాది పెర్కిట్. ఆర్మూర్ పక్కనే, ఇప్పుడు ఆర్మూర్ మున్సిపాలిటీలోనే కలిసిపోయింది. మా ఊర్లో చీజ్ అంటే పిజ్జా మీద సాగేది, లేదా బేకరీ శాండ్‌విచ్‌లో పల్చటి పసుపు పచ్చ షీట్. అలాంటి ఇంట్లోకి పోయిన దసరాకి మా అన్న దుబాయ్ నుంచి అరకిలో పార్మేసన్ ముక్క తెచ్చాడు. అన్న అక్కడ ఒక సూపర్ మార్కెట్‌లో పని చేస్తాడు. రోజూ చేత్తో సర్ది పెట్టే వస్తువుని ఒక్కసారైనా ఇంటికి తీసుకురావాలని వాడికి ఎప్పటినుంచో కోరిక.

నానమ్మ దాన్ని వేలితో పొడిచి చూసి, "గిదేంది, సబ్బు బిళ్లనా?" అంది.

"కాదు నానమ్మా, ఇది కూడా పాలతోనే చేస్తరు. జున్ను లాంటిది అనుకో" అన్నాడు అన్న.

"జున్ను గింత గట్టిగ ఉంటదా? ఏ బర్రె పాలురా అవి?"

డిక్షనరీలో చీజ్ అంటే జున్ను అనే ఉంటుంది. కానీ ఈనిన బర్రె మొదటి పాలతో బెల్లం వేసి చేసే మన జున్ను తిన్నవాళ్లెవరూ దీన్ని జున్ను అనరు. అందుకే ఈ వ్యాసంలో చీజ్ అనే రాస్తాను.

అన్న వారం ఉండి వెళ్లిపోయాడు. అమ్మ ఆ ముక్కని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, స్టీల్ డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ వెనకాల దాచింది. దాచడం అంటే నిజంగా దాచడమే. "కొడుకు తెచ్చింది, ఉత్తగనే అయిపోగొట్టద్దు" అని ఎవరైనా ఇంటికొస్తే రెండు పలుకులు తురిమి పెట్టేది. అలా సంక్రాంతి దాకా వచ్చింది.

సంక్రాంతి సెలవుల్లో నేను డబ్బా తెరిచాను. ముక్క ఒక చివర మూల మీద చిన్న బూజు. మధ్యలో నీలం, ఆకుపచ్చ కలిసిన పొడి రంగు, చుట్టూ తెల్లటి నూగు. మా హాస్టల్లో ఎవరో చెప్పగా విన్నాను, గట్టి చీజ్ అయితే బూజు పట్టినచోట కోసేసి మిగతాది తినొచ్చని. నేనేం చేశానంటే, కూరగాయల కత్తి తీసుకుని ముందు ఆ నూగుని గీకాను. అదే కత్తితో ఆ చివర మొత్తం పల్చగా ఒక పొర, అర సెంటీమీటరు కంటే తక్కువే, చెక్కేశాను. మళ్లీ అదే ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి అదే డబ్బాలో పెట్టాను. ఆ రోజు రాత్రి అందరం మ్యాగీ మీద తురుముకుని తిన్నాం. నానమ్మ కూడా తింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఏమీ కాలేదు కాబట్టి నేను చేసింది కరెక్టే అనుకున్నాను. మన కోడ్ ఒక్క టెస్ట్ కేస్‌కి రన్ అయితే సబ్మిట్ కొట్టేసినట్టు.

శివరాత్రికి మళ్లీ ఇంటికి వెళ్లాను. అది మా దగ్గర పసుపు సీజన్. కల్లంలో ఉడకబెట్టిన పసుపు ఎండుతూ ఉంటుంది, ఊరంతా అదే వాసన. డబ్బా తెరిస్తే బూజు మళ్లీ వచ్చింది. అయితే ఈసారి మూల మీద మాత్రమే లేదు. నేను చెక్కిన ముఖం మీద, మూల నుంచి అడ్డంగా ఒక గీతలాగా మొలిచింది. కాస్త తేరిపార చూస్తే అర్థమైంది, అది నా కత్తి వెళ్లిన దారి. కొంత బూజు అంచు దాటి పక్క ముఖం మీదకి కూడా ఒక సెంటీమీటరు దిగింది.

అంటే బూజుని నేను తీయలేదు, విత్తాను.

అమ్మ ముఖం చిన్నబోయింది. "పారేద్దామా? కొడుకు గంత దూరం నుంచి మోసుకొచ్చె" అంది. నానమ్మ మాత్రం, "ఎందుకు పారేస్తరే? మా కాలంల కుడుకకి బూజు వడితే గీకి పచ్చడి నూరుకోలేదా?" అంది. బాపు ఏమీ అనలేదు. ఇంజనీరింగ్ చదివే బిడ్డ ఏం చెప్తుందో అని నా వైపు చూశాడు.

ఆ చూపు తట్టుకోలేక ఈసారి విన్నమాట మీద కాకుండా, అసలు సంగతి ఏంటో చదివి చేద్దామని కూర్చున్నాను.

మనకి పైకి కనపడే రంగు నూగు బూజులో ఒక భాగం మాత్రమే. అడుగున సన్నటి దారాల్లాంటివి ఉంటాయి. అవి తిండిలోకి దిగి దాన్ని కరిగించి పీల్చుకుంటాయి. వాటికి రంగు ఉండదు, కంటికి ఆనవు. ఆ దారాల నుంచి పైకి లేచిన కాడల చివర స్పోర్లు ఉంటాయి, అంటే గింజల లాంటివి. నీలం ఆకుపచ్చ రంగు పొడి ఈ స్పోర్లదే. చుట్టూ తెల్లగా ఉండేది ఇంకా స్పోర్లు వేయని లేత బూజు. కాబట్టి రంగు ఆగిపోయిన చోట బూజు ఆగిపోయిందని అనుకోవడానికి లేదు. ఎర్రర్ ఒక లైన్ నంబర్ చూపిస్తుంది, బగ్ దాని చుట్టుపక్కల ఎక్కడో ఉంటుంది, అలాంటిదే ఇది.

మరి అలాంటప్పుడు కోసేస్తే పోతుందని ఎలా అంటారు? దారాలు ఎంత లోతుకి దిగాయో కనపడదు కదా. నాకు మొదట ఇది అస్సలు అర్థం కాలేదు. దీని జవాబు బూజులో లేదు, చీజ్‌లో ఉంది.

బూజు లోపలికి పాకాలంటే రెండు కావాలి: నీళ్లు, గాలి. పనీర్‌లో నీళ్లు 60 శాతం దాకా ఉండొచ్చని మన దేశ ఆహార ప్రమాణాలు చెప్తాయి. చెడ్డర్ చీజ్‌లో 39 శాతం దాటకూడదు. ఏళ్ల తరబడి మాగబెట్టిన పార్మేసన్‌లో దాదాపు 30 శాతమే ఉంటాయి. ఆ ఉన్న నీళ్లలో కూడా చాలా భాగాన్ని చీజ్‌లోని ఉప్పు పట్టి ఉంచుతుంది కాబట్టి బూజుకి తేలిగ్గా అందవు. ఆవకాయలో తడి ఉన్నా ఉప్పు వల్ల బూజు రాదు చూడండి, కొంత అలాంటిదే.

ఇక గాలి. గట్టి చీజ్ అచ్చులో బాగా ఒత్తి, నీరు పిండి చేసిన ముద్ద. లోపల గాలికి చోటు ఉండదు. దీనికి నాకు నచ్చిన రుజువు ఒకటి ఉంది. ఫ్రాన్స్‌లో రోక్‌ఫోర్ట్ అని నీలం చారల చీజ్ చేస్తారు. అందులో బూజు కావాలనే పెంచుతారు, పెనిసిలియం రోక్‌ఫోర్టీ అనే రకం. ఆ బూజుని పాలు విరిచేటప్పుడే కలుపుతారు, అయినా లోపల అది సరిగ్గా పెరగదు. అందుకని చీజ్ ముద్దని పొడుగాటి సూదులతో పొడిచి రంధ్రాలు చేస్తారు. ఆ రంధ్రాల గుండా గాలి వెళ్తేనే లోపల నీలం చారలు వస్తాయి. బూజు కావాలనుకునే వాళ్లకే లోపల పెంచడానికి ఇంత కష్టం అయితే, పైన పడ్డ బూజు ఏ రంధ్రమూ లేని గట్టి ముక్క మధ్యలోకి తనంతట తను పాకడం ఎంత కష్టమో చూడండి.

అందుకే అమెరికా వ్యవసాయ శాఖ గట్టి చీజ్‌కి ఒక లెక్క చెప్తుంది. బూజు చుట్టూ, బూజు కింద కనీసం ఒక అంగుళం, అంటే రెండున్నర సెంటీమీటర్లు, కోసి పారేయాలి. కోసేటప్పుడు కత్తి బూజుకి తగలకూడదు. మిగిలినదాన్ని కొత్త కవర్‌లో చుట్టాలి. ఇంతే. నేను సంక్రాంతికి ఈ మూడింటిలో మూడూ తప్పు చేశాను.

అంగుళం ఎందుకు, అర సెంటీమీటరు ఎందుకు చాలదు? దారాల సంగతి ఒకటి. రెండోది, కొన్ని రకాల బూజులు విషపదార్థాలు తయారు చేస్తాయి. అవి బూజు ఉన్నచోట నుంచి చుట్టూ కొంచెం ఊరతాయి. గట్టి చీజ్‌లో ఎక్కువ దూరం పోలేవు, కానీ రంగు అంచు దగ్గరే ఆగుతాయని గ్యారంటీ లేదు. అంగుళం అనేది ఆ రెండింటికీ కలిపి వదిలిన జాగా. పనీర్, క్రీమ్ చీజ్, పెరుగు లాంటి తడి వాటిలో దారాలూ విషమూ ఎంత దూరం పోయాయో చెప్పలేం. అందుకే వాటికి ఏ అంగుళమూ లేదు, మొత్తం పారేయడమే. ఉడికించినా లాభం లేదు, ఎందుకంటే వేడికి బూజు చచ్చినా అది వదిలిన విషం చాలా వరకు అలాగే ఉంటుంది.

ఇదంతా బాపుకి చెప్తుంటే, మా ఇంట్లో ఈ విషయం నాకంటే ముందు తెలిసినవాడు బాపే అని తేలింది.

"పసుపు గూడ గంతే కదనే" అన్నాడు. పసుపు ఉడకబెట్టి ఎండబెడతారు, తేమ 10 శాతం దగ్గరికి రావాలి. బాపు దగ్గర మీటర్ ఏమీ లేదు. కొమ్ము తీసుకుని విరుస్తాడు. టంగుమని లోహం మోగినట్టు చప్పుడైతే ఎండినట్టు. వంగి, మెత్తగా విరిగితే ఇంకా రెండు మూడు రోజులు ఎండాలి. తేమ ఉండగా బస్తాలో కట్టేస్తే బూజు వస్తుంది, మార్కెట్‌లో ధర పోతుంది. మసాలా దినుసుల్లో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కిలోకి 30 మైక్రోగ్రాములు దాటకూడదని మన దగ్గర రూల్ ఉంది. బాపుకి ఆ పేరు తెలియదు కానీ భయం మాత్రం తెలుసు.

నాకు అప్పుడు ఒక డౌట్ వచ్చింది. "మరి పసుపు కొమ్ము ఈ చీజ్ కన్నా గట్టిది, ఎండినది కదా బాపు. బస్తా మూల తడిసి బూజు వస్తే ఆ మూలది తీసేసి మిగతాది అమ్మొచ్చా?"

బాపు నవ్వాడు. "కొమ్ము గట్టిదే. బస్తా గట్టిదా? కొమ్ముకి కొమ్ముకి నడుమ సందు లేదా? ఒక మూల తడిసిందంటే బస్తా మొత్తం కుమ్మరియ్యాలె, ఒక్కొక్కటి ఏరాలె. ఏరినంక గూడ నమ్మకం లేదు."

నేను అప్పటిదాకా చదివినదాంట్లో ఒక లైన్ నాకు అంతుబట్టలేదు. పార్మేసన్ ముక్క అయితే కోసి తినొచ్చు, అదే పార్మేసన్ తురిమి ప్యాకెట్‌లో ఉంటే బూజు కనపడగానే మొత్తం పారేయాలి అని. చీజ్ అదే, నీళ్లు అంతే, మరి రూల్ ఎందుకు మారింది? బాపు చెప్పిన బస్తాయే జవాబు. తురుము అంటే సందులున్న బస్తా. ప్రతి పలుకు చుట్టూ గాలి ఉంది, ప్యాకెట్ కదిలినప్పుడల్లా స్పోర్లు అన్నిటికీ అంటుకుంటాయి. ముక్కకి ఉన్న గోడ తురుముకి లేదు. స్లైసులుగా కోసినవీ, పొడిగా నలిగినవీ అంతే.

ఇక మా ముక్క సంగతి. స్కూల్ నాటి జామెట్రీ బాక్స్‌లోంచి స్కేల్ తీశాను. ముక్క పొడవు 10 సెంటీమీటర్లు, వెడల్పు 7, మందం 5. ఫ్రిజ్ తూకం వేసే వస్తువు కాదు కాబట్టి కిరాణం కొట్టు త్రాసులో వేయిస్తే దాదాపు 400 గ్రాములు. బూజు ఒక చివర ముఖం మీద ఉంది, అక్కడి నుంచి పక్క ముఖం మీదకి 1 సెంటీమీటరు దిగింది. కాబట్టి ఆ 1 సెంటీమీటరు, దానికి అవతల 2.5, మొత్తం 3.5 సెంటీమీటర్ల దగ్గర అడ్డంగా ఒకే కోత కోయాలి. 10లో 3.5 పోతే 6.5 మిగులుతుంది. అంటే 400 గ్రాముల్లో సుమారు 260.

లెక్క వేశాక తెలిసింది, కోయాలా వద్దా అనేది బూజు ఎంత ఉందన్న దానికంటే ఎక్కడ ఉందన్న దాని మీద ఆధారపడుతుందని. ఇదే బూజు రెండు చివర్లా ఉంటే 3.5, 3.5 పోయి మధ్యలో 3 సెంటీమీటర్లే మిగిలేది. రెండు మూడు వైపులా చుక్కలు ఉంటే అసలు కోయడానికి జాగానే ఉండదు. కొట్లో దొరికే చిన్న చీజ్ క్యూబ్ అయితే ఎక్కడ బూజు వచ్చినా అంగుళం కోస్తే ఏమీ మిగలదు. పైగా ఆ క్యూబ్ ప్రాసెస్డ్ చీజ్, నీళ్లు 47 శాతం దాకా ఉండొచ్చు, గట్టి చీజ్ లెక్కలోకి రాదు. అది నేరుగా చెత్తబుట్టకే.

కోసేముందు డబ్బాని వంటింట్లోంచి బయటి అరుగు మీదకి తెచ్చాను. వాసన చూడబోయిన తమ్ముడిని ఆపాను. బూజు దగ్గర ముక్కు పెట్టి పీలిస్తే స్పోర్లు లోపలికి పోతాయి, ఆయాసం, అలర్జీ ఉన్నవాళ్లకి ఇబ్బంది. ఈసారి గీకలేదు, తుడవలేదు, బూజుని అసలు కదపలేదు. పాత కవర్ మెల్లగా విప్పి వేరే సంచిలో వేసి మూతి కట్టేశాను. ముక్క శుభ్రంగా ఉన్న వైపు పట్టుకుని, స్కేల్‌తో కొలిచిన చోట పెన్సిల్ బదులు గోటితో గుర్తు పెట్టి, కడిగి ఆరబెట్టిన కత్తితో ఒకే కోత. పార్మేసన్ వెన్నలా తెగదు, పలుకులుగా విరుగుతుంది, కాబట్టి బాపు ఒత్తి పట్టాల్సి వచ్చింది. బూజు ఉన్న ముక్క ఆ సంచిలోకే పోయింది.

అప్పుడే అమ్మ అరిచింది. "అగో, చూడు! లోపల గూడ ఉంది!"

కొత్తగా తెగిన ముఖం మీద అక్కడక్కడా తెల్లటి చుక్కలు. నా గుండె ఆగినంత పనైంది. ఇప్పటిదాకా చెప్పిన లెక్కంతా తప్పా అనిపించింది. కానీ గోటితో తాకితే ఆ చుక్కలు ఉప్పు రవ్వలా గట్టిగా ఉన్నాయి. బూజు అలా ఉండదు, తాకితే అణిగిపోతుంది లేదా పొడిగా అంటుకుంటుంది. ఆ తెల్ల రవ్వ టైరోసిన్ అనే పదార్థం. చీజ్ నెలల తరబడి మాగేటప్పుడు అందులోని ప్రొటీన్ విడిపోయి, ఇలా స్ఫటికాలుగా గడ్డకడుతుంది. మంచి పార్మేసన్‌కి అది గుర్తు, పంటి కింద కరకరమంటుంది. మా ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు అమ్మ తురిమిన చీజ్‌లో ఈ రవ్వ దసరా నుంచే ఉంది, ఎవరమూ చూడలేదంతే.

చూడాల్సింది వేరే. కొత్త ముఖం మీద ఎక్కడైనా పగులు ఉందా, ఆ పగులు బూజు వైపు నుంచి వస్తోందా, అందులో నీలం గానీ బూడిద రంగు గానీ ఉందా అని. పగులు ఉంటే గాలి ఉన్నట్టే, అది రోక్‌ఫోర్ట్ సూది రంధ్రం లాంటిది. అప్పుడు అంగుళం లెక్క పని చేయదు, మొత్తం పారేయాలి. మా ముక్కలో పగులు లేదు. ఆ కోసిన ముఖం దగ్గర వాసన కూడా ముక్కిపోయినట్టు లేదు, మామూలుగానే ఉంది.

కత్తి, చేతులు, డబ్బా సబ్బుతో కడిగాం. ఫ్రిజ్ అరని వంట సోడా కలిపిన నీళ్లతో అమ్మ తుడిచింది, లేకపోతే అక్కడున్న స్పోర్లు మళ్లీ వచ్చి కూర్చుంటాయి. ముక్కని ముందు బటర్ పేపర్‌లో చుట్టి, తర్వాత డబ్బాలో పెట్టాం. అసలు బూజు ఎక్కువవడానికి ఒక కారణం ఆ బిగుతు ప్లాస్టిక్. కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా ఫ్రిజ్ లోపల వేడెక్కి చల్లబడి, కవర్ లోపల నీటి చుక్కలు పట్టేవి. నేను కత్తితో పూసిన స్పోర్లకి ఆ చెమ్మ చాలు.

అంతా అయిపోయింది, ఇక తినడమే అనుకున్నాం. నానమ్మ చేయి చాచింది. "నా మనుమడు తెచ్చింది, ముందు నాకు పెట్టు."

ఇక్కడే నాకు అసలు కష్టం వచ్చింది. నానమ్మకి కీళ్ల వాతం. దానికి డాక్టర్ రాసిన మందులు ఒంట్లో రోగాలతో పోరాడే శక్తిని తగ్గించే రకం. ఆ శక్తి తగ్గినవాళ్ల విషయంలో ఈ అంగుళం లెక్కని నమ్ముకోకూడదు. అంగుళం అనేది ప్రమాదాన్ని బాగా తగ్గిస్తుంది, సున్నా చేయదు. మామూలు మనిషికి ఆ మిగిలిన కొంచెం లెక్కలోకి రాదు, నానమ్మకి రావచ్చు. సంక్రాంతికి నేను అర సెంటీమీటరు చెక్కి ఆమె మ్యాగీ మీద తురిమి పెట్టిన సంగతి గుర్తొచ్చి వెన్నులో చలి పుట్టింది. ఆ రోజు ఏమీ కాలేదంటే నేను కరెక్ట్ అని కాదు, మా అదృష్టం అని.

"నానమ్మా, ఇది నువ్వు తినద్దు" అన్నాను.

"ఎందుకే? ఇప్పుడే కదా మంచిగైందన్నవ్?"

"మాకు మంచిదే. నీ గోలీలతోటి నీకు మంచిది కాదు."

"గా కుడుకలు తిని గిన్నేండ్లు బతికిన."

"అప్పుడు ఈ గోలీలు లేవు కదా నానమ్మా."

ఆమె కాసేపు నా వైపు చూసి, చాచిన చేయి వెనక్కి తీసుకుంది. కోపం వచ్చిందో, ఒప్పుకుందో తెలియలేదు. మేం నలుగురం తిన్నాం. కరకరలాడే ఆ రవ్వ బాగుంది కానీ ఆమె ముందు కూర్చుని తినడం అంత బాగాలేదు.

ఆ రాత్రి అన్న వీడియో కాల్ చేశాడు. అమ్మ బూజు సంగతి చెప్పకుండా ఉండలేకపోయింది, సగం కోసి పారేశామని కూడా చెప్పేసింది. సగం కాదు, 35 శాతమే అని నేను మధ్యలో సరిచేశాను. అన్న నవ్వి, "అయితే అయింది తీ. మిగిలింది ఎట్లుందే నానమ్మా, బాగుందా?" అని అడిగాడు.

మేమందరం సైలెంట్ అయిపోయాం. నానమ్మ ఫోన్‌ని మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"మస్తుంది బిడ్డా" అంది.

మర్నాడు హాస్టల్‌కి బయల్దేరేముందు ఆ డబ్బా మీద ఒక టేప్ అంటించి, కోసిన తేదీ రాశాను. కింద ఇంకో లైన్ కూడా రాశాను, అమ్మకి అర్థమయ్యేలా తెలుగులో: మళ్లీ బూజు కనపడితే గీకొద్దు, నాకు ఫోన్ చెయ్యి. ముక్క ఇప్పుడు 6.5 సెంటీమీటర్లే ఉంది. ఇంకోసారి బూజు వస్తే బహుశా కోయడానికి చోటు ఉండదు. అన్న వచ్చే దసరాకి వస్తానన్నాడు. ఈసారి నానమ్మ కోసం సీలు విప్పని చిన్న ముక్క ఒకటి వేరుగా తెమ్మని మెసేజ్ పెట్టాను. డాక్టర్‌ని అడిగి, ఆమె ముందే విప్పి, మొదటి పలుకు ఆమెకే పెట్టాలి.